పిల్లవాడి నిద్రంత సీను

అవ్వ నాకు పెట్టిన షరతు చిన్నదే. "నేను సూసేదాకా ఇంగెవురికీ సూపొద్దు. మా ఊరోళ్లందరితో కూసోని సూస్తా. నడమల జనం లేసి పోయినారనుకో, దాన్ని ఆడికాడనే తీసి పారెయ్యి."

సరే అవ్వా అన్నాను. అప్పటికి సినిమా లేదు. కెమెరా ఇంకా సంచిలోనే ఉంది. లేని సినిమా మీద మాట ఇవ్వడం సులువు.

అవ్వది సింహాద్రిపురం వైపు ఒక పల్లె. గొర్రెలు మేపుకునే ఇళ్లు ఎక్కువ. మా ఆయన ఆ ఊరి బడిలో పంతులు. మేం పులివెందులలో ఉంటాం. ఆయన రోజూ బండి మీద పోయి వస్తాడు. మావాడికి ఏడాది నిండినప్పుడు బడిలో ఏదో కార్యక్రమం ఉంటే నన్నూ వాణ్ణీ తీసుకుపోయాడు. వాడు ఎండకు ఏడుస్తుంటే బడి ఎదురింటి అరుగు మీద రాట్నం తిప్పుతున్న ముసలామె పిలిచింది. ఒక పాత కంబళి ముక్క పరిచి వాణ్ణి దాని మీద పడుకోబెట్టింది. ఉన్ని గరుకుగా ఉంటుంది, పసివాడికి గుచ్చుకుంటుందేమోనని నేను భయపడ్డాను. వాడు రాట్నం చప్పుడు వింటూ నిద్రపోయాడు. ఆ ఊళ్లో ఉన్ని వడికేవాళ్లలో ఇంక మిగిలింది ఆమె ఒక్కతే అని తర్వాత తెలిసింది.

పెళ్లికి ముందు నేను కాలేజీలో చదివింది ఇదే: కెమెరా పట్టడం, ఎడిటింగ్. పెళ్లయ్యాక కెమెరా బీరువాలో పైఅరకు పోయింది. మావాడు పుట్టాక ఆ అర వైపు చూసింది కూడా లేదు. ఆ రోజు ఇంటికి వచ్చి కుర్చీ వేసుకుని దాన్ని దించాను.

అవ్వ షరతుకు ఒక కారణం ఉంది. అంతకుముందు ఏడాది చుట్టాల పిల్లవాడెవడో ఆమె రాట్నం ముందు కునికిపాట్లు పడుతుంటే ఫోనులో తీసి, వెనక ఒక పిచ్చి పాట పెట్టి వదిలాడు. అది ఊరూరా తిరిగింది. పులివెందుల బస్టాండులో ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి "ఏమవ్వా, నిద్ర సాలిందా?" అని అడిగాడట. అప్పటినుంచి ఎవరు ఫోను ఎత్తినా ఆమె కొంగు మొహానికి అడ్డం పెట్టుకునేది. నా ముందు ఆ కొంగు తీయడానికి చాలాకాలం పట్టింది. కాబట్టి నాకున్న భయం సినిమా బాగుండదేమో అన్నదొక్కటే కాదు. ఊరంతా కూర్చున్నచోట జనం విసుగుపుట్టి లేచిపోతే, ఆమెను రెండోసారి నవ్వులపాలు చేసినదాన్ని నేనవుతాను.

తీయడం కష్టం కాలేదు. ఆమె మనవడి పెళ్లి కుదిరింది. వాళ్లలో పెళ్లికొడుకునూ పెళ్లికూతురునూ కంబళి మీద కూర్చోబెడతారు. అంగట్లో దొరికేది వద్దు, తన చేత్తో వడికిన ఉన్నితోనే నేయించాలని అవ్వ పట్టుబట్టింది. గొర్రెల ఉన్ని కత్తిరించడం, ఆమె వడకడం, దారం మూట కట్టుకుని బస్సెక్కి జమ్మలమడుగు పక్కన ఉన్న నేతగాడి దగ్గరికి పోవడం, అక్కడ నేత, చివరికి పెళ్లి. ఇవన్నీ తీశాను. మధ్యలో అవ్వ తన చిన్నప్పటి సంగతులు చెప్పేది. ఆంధ్ర రాష్ట్రం వచ్చిందన్న కబురు వాళ్ల నాయన జమ్మలమడుగు సంతనుంచి మోసుకొచ్చాడట. ఊళ్లో అందరూ సంబరపడుతుంటే వాళ్ల జేజి, అంటే నాయనమ్మ, మాత్రం "అయితే గొర్రెలకు మేత వాళ్లే పంపిస్తారంటనా?" అని అడిగిందట. అవ్వ అది చెప్పి తనే పగలబడి నవ్వేది.

కష్టమంతా ఎడిటింగులో వచ్చింది. మావాడు మధ్యాహ్నం పడుకుంటాడు. వాడు కన్ను మూయగానే లాప్‌టాప్ తెరిచేదాన్ని. వాడు కదిలితే మూసేదాన్ని. అత్త మంచిదే, కానీ "పిల్లోడు లేసినాడు మే, ఇంగ ఆ బొమ్మలు సాలు" అనే గొంతు వంటింట్లోంచి ఎప్పుడొస్తుందో తెలియదు. అట్లా అట్లా రఫ్ కట్ తయారైంది. రఫ్ కట్ అంటే మెరుగులు దిద్దకుండా సీన్లన్నీ వరసలో పేర్చిన మొదటి రూపం. ఇరవై ఆరు నిమిషాలు వచ్చింది. ఏ సీను చూసినా బాగున్నట్టే ఉంది. అన్నీ కలిపి తలచుకుంటే మాత్రం కుదరలేదనిపిస్తోంది. ఎక్కడో సాగుతోంది. ఎక్కడో తెలియదు. తొలకరి పడి, మేతకు దూరం పోయిన మందలు తిరిగి ఊరు చేరగానే చూపించాలని అవ్వతో అనుకున్నాం. వైశాఖం అయిపోతోంది.

నాకు ఎడిటింగ్ నేర్పింది కాలేజీలో నాకంటే పైతరగతిలో ఉన్న ఒక అక్క. ఆమెది జమ్మలమడుగు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక స్టూడియోలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తుంది. మావాణ్ణి చంకనేసుకుని, లాప్‌టాప్ సంచి భుజానికి తగిలించుకుని బస్సెక్కాను. స్టూడియో మెట్లు ఎక్కేసరికి ఆమె రెండు తెరల ముందు కూర్చుని ఎవరి పెళ్లిలోనో అప్పగింతలు కత్తిరిస్తోంది. చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు లాగేసి మావాణ్ణి ఎత్తుకుంది.

"ఏది, పెట్టు. సూస్తాం."

"చూపించకూడదక్కా."

"ఏంది?"

అవ్వకిచ్చిన మాట చెప్పాను. అక్క నా ఒళ్లోని లాప్‌టాప్ వైపు చూసింది, నా వైపు చూసింది.

"పులివెందుల నుంచి ఈడికి బస్సులో వచ్చినావు. పిల్లోణ్ణి మోసుకోని వచ్చినావు. సినిమా నీ ఒళ్లో ఉండాది. నేను నీ పక్కన ఉండా. సూపియ్యవు?"

"చూపించనక్కా."

"మరి దాన్ని ఎందుకు మోసుకొచ్చినావు మే, ఊరు సూపియ్యడానికా?"

నాకే నవ్వొచ్చింది. ఎందుకు తెచ్చానో నాకూ తెలియదు. ఆమె పక్కన కూర్చుంటే ఏదో దారి దొరుకుతుందనుకున్నాను. అక్క మావాడికి కీబోర్డు అందకుండా కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"మీ యవ్వ సూపొద్దనింది. చెప్పొద్దనిందా?"

"అనలేదు. కానీ అడగాలి కదా."

"అడుగు. ఒప్పుకుంటే సినిమాను సీను సీనుగా నాకు రాసి పంపు. నేను సదివి చెప్తా యాడ సాగుతాండాదో."

మరుసటిరోజు మా ఆయనతో కలిసి ఆ పల్లెకు పోయాను. అవ్వ వేరుశనగ కాయలు ఒలుస్తోంది. అడిగాను. ఆమె గింజ నోట్లో వేసుకుని, "కతేగా, చెప్పుకో. నాలుకకు అడ్డమేముంది? నా మొగం మాత్రం సూపొద్దు" అంది.

ఇంటికి రాగానే ఫోనులో టైపు చేయడం మొదలుపెట్టాను. శ్రద్ధగా, ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాను. మొదటి సీను: రాయలసీమ నేల ఒంటరితనం. రెండోది: మనిషికీ గొర్రెకూ ఉన్న అనుబంధం. మూడోది: అవ్వ జ్ఞాపకాల లోతు తెలిసే సన్నివేశం. ఎనిమిది సీన్లూ అట్లాగే రాసి పంపాను. కాలేజీలో నాకు మంచి మార్కులు తెచ్చిన భాష అది.

అక్క ఫోను చేసింది. వెనక నాదస్వరం మోగుతోంది.

"ఏం మే, సినిమా ఎట్లుండాదని అడగతాండావా, నీ సినిమా గురించి నువ్వే మెచ్చుకుంటాండావా?"

"అదేందక్కా..."

"నేల ఒంటరితనమంట. నాకు కనపడేదేంది ఆడ? కొండనా, చెట్టా, కుక్కనా? ఎంతసేపు కనపడుతుంది? మాటలుండాయా, ఒట్టి గాలి చప్పుడేనా? అవ్వ జ్ఞాపకాల లోతంట. అవ్వ ఏమనింది? నువ్వు చెప్పల్యా. నువ్వేమనుకోని తీసినావో అది రాసినావు. అది సదివితే ఏ సినిమా అయినా బాగనే ఉంటాది."

మొహం వేడెక్కింది. కానీ ఆమె చెప్పింది వెంటనే అర్థమైంది. చూసేవాడికి నా ఉద్దేశం కనిపించదు. తెర మీద ఉన్నదే కనిపిస్తుంది.

"ప్రతి సీనుకూ ఇంతే రాయి," అంది. "ఏం కనపడుతుంది, ఏం వినపడుతుంది, ఎంతసేపుంటుంది. ముందు తెలియంది ఆ సీనులో కొత్తగా ఏం తెలుస్తుంది. ఎట్ల మొదలవుతుంది, ఏ బొమ్మ మీద అయిపోతుంది. ఏమీ తెలీకపోతే ఏమీ తెలీదని రాయి. సిగ్గుపడొద్దు. ఇంగొకటి, నీకు యాడ అనుమానమో అది నాకు చెప్పొద్దు. చెప్పినావంటే నేను ఆడనే ఎతుకుతా."

ఈసారి రాయడానికి చాలా కాలం పట్టింది. ఎందుకంటే ఈసారి నేను సినిమా చూడాల్సి వచ్చింది. ఇంతవరకూ చూడలేదా అంటే, చూశాను. ఇట్లా చూడలేదు. "కొత్తగా ఏం తెలుస్తుంది" దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయేవి. మొదటి సీనులో రోడ్డు, తుమ్మచెట్లు, దూరంగా కొండలు, దుమ్ము, ఇంకా దుమ్ము. నాలుగు నిమిషాలు. కొత్తగా తెలిసేది: ఇది ఎండ ప్రదేశం. అంతే రాయగలిగాను. అవన్నీ ఎంత ఇష్టంగా తీశానో రాయాలని చేయి పీకింది, ఆపుకున్నాను.

నేతగాడి గుడిసె ముందు సీను గురించి రాసేటప్పుడు వేరే రకమైన భయం పట్టుకుంది. అక్కడ మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు వీధి పొడవునా చాచి కట్టి, గట్టిపడడానికి చింతగింజల గంజి పూస్తారు. నేతగాడు పూస్తుంటే అవ్వ నీడలో కూర్చుని చూస్తూ ఉంటుంది. చాలాసేపటికి ఇంక ఆగలేక లేచి, అతని చేతిలోంచి కుంచె లాక్కుని తనే పూయడం మొదలుపెడుతుంది. మూడు నిమిషాల పైన. ఒక్క మాట లేదు. సాగుతున్నది ఖాయంగా ఇదేనని నా అనుమానం. అక్క చెప్పొద్దన్నది కాబట్టి చెప్పలేదు. ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను.

రెండు రోజులు ఏ కబురూ లేదు. నేను మావాడికి అన్నం తినిపిస్తూ ఫోను వైపు చూస్తూ ఉండేదాన్ని. ముద్ద వాడి ముక్కుకు తగిలేది. అత్త గమనించి, "ఆ ఫోనుకే పెట్టు, అదన్నా తింటాది" అంది.

మూడోనాడు పొద్దున వరసగా వాయిస్ మెసేజీలు వచ్చాయి. వంటింటి గట్టు మీద ఫోను పెట్టి వింటూ కూరగాయలు తరిగాను.

"ముందు నేనెట్ల సదివినానో చెప్తా ఇను. ఒక సీను సదివి, నువ్వు రాసినంత సేపు ఫోనులో టైమరు పెట్టుకోని, కండ్లు మూసుకోని ఊహించుకుంటా కూసున్యా. అది మోగినాకనే తర్వాత సీను సదివినా. మొదటి సీను నాలుగు నిమిషాలు కదా. కొండలు ఊహించుకున్యా, దుమ్ము ఊహించుకున్యా. ఇంగ మోగల్యా. లేసి పోయి టీ తాగొచ్చినా. వచ్చినా కొండలే ఉండాయి మే."

తరిగే కత్తి పక్కన పెట్టాల్సి వచ్చింది, నవ్వుకు.

తర్వాతి మెసేజీలో ఆమె గొంతు పనిలోకి వచ్చింది. "కంబళి మనవడి పెండ్లికని నాకు ఎప్పుడు తెలిసింది? ఆరో సీనులో. నేతగాడు ఎవరికని అడిగితే. అప్పటికి పదహారు నిమిషాలు అయిపోయినాయి. అంతసేపూ ఎవరో ముసలామె ఉన్ని వడుకుతాంది. వడకనీ, నాకేంది? పెండ్లికని తెలిసినాకనే, ఆ పొద్దుకు అయితాదా కాదా అని నాకు ఆత్రం పుట్టింది. ఆ మాట ముందుకు తీసుకురా. అవ్వ ఇంగ యాడన్నా ఆ సంగతి చెప్పిందేమో ఎతుకు. అది ముందొస్తే వడికేదంతా వేరేగా కనపడతాది. నువ్వు ఆ సీన్లు కత్తిరించకపోయినా పొట్టిగా అనిపిస్తాయి."

మళ్లీ ఇంకొకటి. "రాష్ట్రం వచ్చిన కత, జేజి మేత అడిగింది. మూడో సీనులో నవ్వినా. ఏడో సీనులో మళ్లా అదే చెప్తాంది. ఎక్కువ మాటలతో. తీసెయ్."

నేను రెండుసార్లు పెట్టింది రెండోసారి అవ్వ ఇంకా బాగా నవ్వింది కాబట్టి. ఆ సంగతి ఆమెకు తెలియదు. తెలియకపోవడమే మంచిదైంది.

"చింతగింజల గంజి సీను," అంది ఆ తర్వాత. నేను ఫోను చప్పుడు పెంచాను. "దాన్ని తాకొద్దు. మూడు నిమిషాలూ నేను కదల్యా. ఆ యమ్మ ఎప్పుడు లేస్తాదా అని సూస్తా కూసున్యా. సేపు ఎక్కువైతే సాగినట్టు కాదు మే. ఎదురుసూసేది ఏమీ లేకపోతే సాగినట్టు. అయితే ఒకటి, ఆడ నీ షాట్లు ఎట్ల మారతాండాయో, ఆ యమ్మ మొగంలో నిజంగా ఆ ఆత్రం ఉండాదో ల్యాదో, రాతలో నాకు తెలీదు. చప్పుడు కుదిరిందో లేదో తెలీదు. అది నీ కండ్లు, నీ చెవులే చెప్పల్ల. వరస, సేపు, చెప్పిందే చెప్పడం, ఇవి మటుకే నేను చెప్పగలిగేది."

అన్నింటికంటే చివర వచ్చిన మెసేజీ చిన్నది. వెనక నాదస్వరం లేదు. బయటికి వచ్చి మాట్లాడినట్టుంది.

"ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. నీ సీన్లన్నీ ఎందుకు ఒకే మాదిరి అయిపోతాండాయి? ప్రతిదీ అవ్వ మొగం మీదనో ఆకాశం మీదనో పోయి నిలబడతాది. నువ్వే రాసినావు, సూసుకో. ఎనిమిదిట్లో ఏడు అట్లనే. ప్రతి సీనూ సినిమా అయిపోయినట్టు అయిపోతాంది. తర్వాతది మళ్లా మొదటినుంచి మొదలవుతాంది. ఎనిమిది చిన్న సినిమాలు వరసగా పేర్చినట్టుండాది. నువ్వు దీన్ని ఎట్ల కూర్చినావు? పిల్లోడు పండుకున్నప్పుడా?"

అవును, వాడు పడుకున్నప్పుడే.

ఒక్కో మధ్యాహ్నం ఒక్కో ముక్క. వాడు ఎప్పుడు లేస్తాడోనన్న గుబులుతో ఆ పూటకు చేసింది ఆ పూటకే ముగించేదాన్ని. సగంలో వదిలితే రేపు ఎక్కడున్నానో మరిచిపోతానని భయం. అందుకే ప్రతి సీనుకూ ఒక నిండు ముగింపు పెట్టి, అవ్వ మొహం మీద నిలిపి, లాప్‌టాప్ మూసి, వాణ్ణి ఎత్తుకునేదాన్ని. నా సినిమాలో ప్రతి సీనూ మా వాడి నిద్రంత ఉంది. మొదటినుంచి చివరిదాకా ఆగకుండా నేను ఒక్కసారి కూడా చూడలేదు. బిడ్డ ఉన్న ఇంట్లో ఎవరికి కుదురుతుంది? కానీ చూసేవాళ్లు చూడబోయేది అట్లానే.

ఏడుపు రావాల్సింది. ఎందుకో ఒళ్లు తేలికైంది. ఇన్నాళ్లూ నాకు పని చేతకాకుండా పోయిందని, తల్లినయ్యాక కన్ను మొద్దుబారిందని లోపల్లోపల కుమిలిపోయాను. జబ్బు అది కాదు. జబ్బేమిటో తెలిస్తే సగం నయమైనట్టే.

మా ఆయనకు చెప్పాను. ఆయన ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ఎంతసేపు కావాల?" అని అడిగాడు. "మొత్తం చూసే అంతసేపు," అన్నాను. ఆదివారం పొద్దున మావాణ్ణి భుజాల మీద కూర్చోబెట్టుకుని బస్టాండుకు తీసుకుపోయాడు. వాడికి బస్సులంటే ప్రాణం. ప్రతి బస్సుకూ చేయి ఊపాల్సిందే. అత్త తనంతట తానే వీధి తలుపు దగ్గరికి వేసి, పక్కింటావిడతో "మా కోడలు పనిలో ఉండాది, తర్వాత రా మే" అని చెప్పడం లోపలికి వినిపించింది. అత్త నా బొమ్మలను పని అనడం అదే మొదటిసారి.

ఆగకుండా చూశాను. చేతులు ఒళ్లో పెట్టుకుని, కీబోర్డు ముట్టకుండా. అక్క చెప్పినచోటల్లా నాకూ చేయి ఫోను మీదికి పోయింది. కొండల దగ్గర నేనే లేచి నీళ్లు తాగొచ్చాను. గంజి సీను దగ్గర కదల్లేదు. అవ్వ మొహంలో ఆత్రం నిజంగానే ఉంది. అయితే ఆమె లేవడానికి కాస్త ముందు ఒక షాట్ మరీ తొందరగా మారుతోంది. అది రాతలో అక్కకు తెలిసేది కాదు. దాన్ని కొంచెం నిలిపాను.

తీసినవన్నీ మళ్లీ వెతికితే అవ్వ మాట దొరికింది. ఉన్ని కత్తిరించినప్పుడు ఒక నల్లగొర్రె వీపు నిమురుతూ, "మావోడి పెండ్లిపీట నీ ఒంటి మీదనే ఉండాది సూడు" అంటుంది. గొర్రె కదిలినందుకు నేను ఆ ముక్కను పనికిరాదని పక్కన పెట్టాను. ఇప్పుడు సినిమా దానితోనే మొదలయింది. కొండలు నాలుగు నిమిషాలనుంచి రెండు షాట్లకు వచ్చాయి. సీన్ల చివర అవ్వ మొహాలు ఒక్కటి మిగిల్చి తక్కినవి తీసేశాను. ఆమె మూట కట్టి ముడి బిగించే చెయ్యి మీద కోస్తే, తర్వాత బస్సులో ఆమె ఒళ్లో మూట కనిపిస్తుంది. సినిమా తనంతట తాను నడుస్తుంటే నేను దాని వెనక నడిచాను. మారిన వరసను అక్కకు మళ్లీ రాసి పంపాను. ఆమె ఒక్క మాటే పంపింది: "ఈసారి టీకి లేయల్యా."

తొలకరి పడింది. మందలు ఊరికి చేరాయి. అవ్వతో అడిగి అక్కను రమ్మన్నాను. ఆమె ప్రొద్దుటూరు నుంచి స్టూడియో ప్రొజెక్టరు పట్టుకుని వచ్చింది. బడి గోడకు తెల్లగుడ్డ కట్టాం. చీకటి పడుతుండగా జనం వచ్చి కూర్చున్నారు. ముందువరసలో పెళ్లి కంబళి పరిచి, దాని మీద అవ్వ. కొంగు చేతిలో సిద్ధంగా పట్టుకుని ఉంది. నేను మావాణ్ణి ఎత్తుకుని పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. తెర కంటే జనాన్నే చూస్తున్నాను.

నల్లగొర్రె కదలగానే మనవడు "అది మాదే" అని అరిచాడు. నవ్వులు. జేజి మేత అడిగినప్పుడు ముసలివాళ్లు నవ్వారు. అక్క నా పక్కనే ఉంది. సినిమా చూడటం ఆమెకూ ఇదే మొదటిసారి. కానీ వరస ఆమెకు కంఠస్థం. "ఇప్పుడు మూట," అని నా చెవిలో గొణిగింది. మూట వచ్చింది. "నేను ఎర్ర మూట అనుకున్యా మే, ఇది పచ్చది."

గంజి సీను మొదలయింది. మాటల్లేవు. దారాల మీద కుంచె చప్పుడు. వెనకవరసలో ఒక పెద్దాయన లేచాడు. పంచె దులుపుకున్నాడు. అయిపోయింది అనుకున్నాను. ఆయన మెల్లగా పక్కకు నడిచి, ముందున్న స్తంభం అడ్డం లేని చోటు చూసుకుని కింద కూలబడ్డాడు. తెర మీద అవ్వ ఇంకా నీడలోనే కూర్చుని ఉంది. "లెయ్యి మే, వానికి సరిగా పూసేది రాదు," అని ఆడవాళ్లలోంచి ఎవరో తెర మీది అవ్వను గట్టిగా హెచ్చరించారు. తెర మీది అవ్వ లేచింది. కింద కూర్చున్న అవ్వ కొంగు వదిలేసి, "అందుకే కదా లేసినా!" అంది.

అందరూ ఉన్నారు. దీపాలు వేసేదాకా ఒక్కరూ పోలేదు. మావాడు ఎప్పుడు నిద్రపోయాడో నేను గమనించనే లేదు.

అవ్వ కంబళి మీదనుంచి లేవడానికి చేయి చాచింది. పట్టుకుని లేపాను. ఆమె తెల్లగుడ్డ వైపు ఇంకోసారి చూసి, "బస్టాండులో అడిగిన వాడుండాడే, వానికి కూడా సూపియ్యి" అంది. "ఎవురికి కావాలంటే వాళ్లకు సూపియ్యి పో."

అక్క తీగలు చుట్టుకుంటూ నా వైపు తిరిగింది. "అయితే ఇంగ నాకు ఫైలు పంపొచ్చా?"

"చూశావు కదక్కా ఇప్పుడు."

"సూసినా. బస్సు కాడ చప్పుడు కొంచెం ఎక్కువైంది. అది రాతలో యాడ తెలుస్తాది?"

ఈ రాత్రి ఆ చప్పుడు తగ్గించి పంపాను. పక్కగదిలో మావాడు కదులుతున్నాడు. కదలనీ. ఈ ముక్క రాయడం సగంలో ఆపినా ఫరవాలేదు, రేపు ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తెలుసు.